ఏడాది దాటి వాడాక ఎర్రర్ లాగ్ గురించి నా మాట

ఐఈఎల్‌టీఎస్ కోసం గుంటూరులో ఇంట్లోనే ప్రిపేర్ అవుతూ మొదలుపెట్టిన, నా ఇంగ్లీషు తప్పులు ఒక షీట్‌లో ఎక్కించుకునే అలవాటు ఇది, పరీక్ష సంగతి అలా ఉంచితే గ్రామర్ విషయంలో నాకు దీనంత పనికొచ్చింది ఇంకోటి లేదు. పద్ధతి పెద్దదేం కాదు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి ఒక టాపిక్ మీద రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడతా. మర్నాడు అది విని, నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే టైప్ చేస్తా, రాసేటప్పుడే సరిచేస్తే లాగ్‌కి అర్థమే ఉండదు. అదే టాపిక్ మీద ఒక పేరా విడిగా రాస్తా. ఆ తర్వాత రెండిట్లో తప్పున్న వాక్యాలు షీట్‌లోకి పోతాయి: అన్న మాట, అనాల్సిన మాట, మాట్లాడిందా రాసిందా, విన్నప్పుడు నా అంతట నేనే పట్టుకున్నానా లేదా. ఈ ఆఖరి కాలమే అసలు ప్రాణం.

ఎందుకో చెప్తా. దసరాకి ఇంద్రకీలాద్రి వెళ్లిన సంగతి మీద నా రికార్డింగ్‌లో ఒక ముక్క ఇలా ఉంది: "దేర్ వాజ్ ఎ బిగ్ క్యూ, మై మదర్ సెడ్, ఐ కాంట్ స్టాండ్, సో ఐ టేక్ హర్ టు వన్ సైడ్, వుయ్ సిట్ దేర్, ఎ వాలంటీర్ కమ్స్ అండ్ గివ్స్ వాటర్." క్యూ దాకా అంతా పాస్ట్ టెన్స్‌లోనే నడిచింది, అమ్మ అన్న మాట ప్రెజెంట్‌లో రాగానే దాని వెనకాల ఉన్న వెర్బులన్నీ అటే కొట్టుకుపోయాయి. అదే కథ రాసినప్పుడు టుక్, శాట్, కేమ్, గేవ్ అని సరిగ్గానే రాశా, విన్నప్పుడు కూడా వెంటనే పట్టుకున్నా. అంటే రూల్ తెలుసు, నోటికి అందట్లేదు అంతే. ఇలాంటిదానికి టెన్స్ ఎక్సర్‌సైజులు ఎన్ని చేసినా ఉపయోగం ఉండదు, ఎవరో ఏదో అన్నారు అని చెప్పాక ఒక్క క్షణం ఆగి తర్వాతి వెర్బ్ పాస్ట్‌లో పెట్టడం, అదే కథ మళ్లీ మళ్లీ చెప్పడం, నాకు పనిచేసింది ఇదే.

రెండో రకం వేరు. "ఐ యామ్ లివింగ్ ఇన్ గుంటూర్ సిన్స్ టెన్ ఇయర్స్" అని మాటలోనూ ఉంది, రాతలోనూ ఉంది, ఎన్నిసార్లు విన్నా నా చెవికి తేడాగా అనిపించలేదు. డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పే మా వదిన చూసి "ఇందులో రెండున్నాయి బాబూ" అని రెండు గీతలు గీసింది. పదేళ్లు అనేది ఎంత కాలమో చెప్తుంది కాబట్టి ఫర్ రావాలి, 2015 లాంటి మొదలైన చోటు చెప్తే సిన్స్. ఇక అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి వెర్బ్ "హావ్ బీన్ లివింగ్" అవ్వాలి. ఇక్కడ కూర్చుని రూల్ నేర్చుకోవాల్సిందే. తెలిసీ జారేది, అసలు తెలియక చేసేది వేరువేరు అని కోర్డర్ అనే భాషావేత్త 1967లోనే రాశాడని వదినే చెప్పింది, నా షీట్‌లో ఆ రెండూ పక్కపక్కనే కనిపించేసరికి ఏ తప్పుకి ఏ మందో తేలిపోయింది. రాతలో సిన్స్ తొందరగానే దారికొచ్చింది, మాటలో మాత్రం నెలలు పట్టింది.

ఇక్కడ ఒక మోసం ఉంది, చూసుకోండి. లాగ్‌లో ఒక తప్పు కనిపించడం మానేసిందంటే అది పోయినట్టు కాదు. పదేళ్లుగా ఉంటున్నా అని చెప్పాల్సిన చోట "ఐ కేమ్ హియర్ ఇన్ 2015" అనేసి మనసు పక్కదారిన తప్పించుకుంటుంది, ఆ వాక్యం కరెక్టే కాబట్టి షీట్‌లోకి రాదు. అందుకే తప్పులు లెక్కపెట్టేటప్పుడు ఆ నిర్మాణం వాడాల్సిన చోట్లు ఎన్ని, అందులో తప్పినవి ఎన్ని అని రెండూ చూడాలి. చోట్లే లేకపోతే అది తప్పనిసరిగా వచ్చే ప్రశ్న పెట్టుకోవాలి, ఈ ఉద్యోగం ఎన్నేళ్లుగా చేస్తున్నావు, ఈ వీధిలో ఎప్పట్నుంచి ఉంటున్నావు లాంటివి.

ఆర్టికల్స్‌కి మాత్రం ఈ పద్ధతి అంత సుఖం లేదు. ఎ, ది తప్పులన్నీ ఎక్కించుకుంటూ పోతే షీట్ మొత్తం వాటితోనే నిండిపోయి మిగతావి కనపడవు. "షి ఈజ్ నర్స్" అన్నట్టు వృత్తి ముందు ఎ మింగేయడం ఒక్కటే ఎక్కించి మిగతావి వదిలేశా, అది నిజంగానే తగ్గింది.

ఇంకోటి, మనకి తెలియని తప్పు మనకి వినపడదు కాబట్టి వదిన లాంటి మనిషి ఒకరు అప్పుడప్పుడు చూడాల్సిందే, వారం వారం అక్కర్లేదు, నెలకి ఒక రికార్డింగ్, ఒక పేరా చూపించినా చాలు. టైపింగ్ విసుగే, రెండు నిమిషాల మాటకి ఇరవై నిమిషాలు ఈజీగా పోతాయి, అందుకే రికార్డింగ్ పొడుగు పెంచొద్దు. పరీక్షలో స్పీకింగ్ పార్ట్ టూ కూడా ఒకటి నుంచి రెండు నిమిషాలే. ఒక వారానికి ఒకటో రెండో రకాల తప్పులు మించి పట్టుకోకండి, మిగతావి షీట్‌లో వాటి వంతు వచ్చేదాకా ఉంటాయి.