సబ్‌స్క్రైబర్లను కొనాలా, గ్రూపులో చేరాలా, మంచి సలహాదారుణ్ణి పెట్టుకోవాలా: ఏది మేలు?

ఒక మిద్దెతోట ఛానెల్ ఉందనుకుందాం. 700 మంది సబ్‌స్క్రైబర్లున్నారు. యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటే 1000 మంది ఉండాలి, గడిచిన 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ రావాలి. షార్ట్స్ లెక్క వేరు, అది పక్కన పెడదాం.

మిగిలిన 300 మందిని కొనేస్తే? అంకె నిండుతుంది, గంటలు నిండవు. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. కొన్న ఖాతాలు ఒక్క నిమిషం కూడా చూడవు. పైగా యూట్యూబ్ దొంగ ఖాతాలను ఏరి తీసేస్తుంటుంది. అమ్మేవాళ్లు ‘తగ్గితే మళ్లీ నింపుతాం’ అని హామీ ఇస్తున్నారంటేనే, తగ్గుతారని వాళ్లకు తెలుసన్నమాట. కొన్న వ్యూస్ సంగతీ ఇంతే.

‘నువ్వు నాది చూడు, నేను నీది చూస్తా’ అనే వాట్సాప్ గ్రూపులు చాలామందికి తప్పుగా అనిపించవు, అక్కడున్నది నిజం మనుషులే కాబట్టి. నాకు మాత్రం కొనడం కన్నా ఇదే ఎక్కువ చేటు అనిపిస్తుంది. గ్రూపులోని 200 మంది మీ ఎనిమిది నిమిషాల వీడియోను తలా అర నిమిషం చూశారనుకోండి, మొత్తం 100 నిమిషాలే. అదే ‘టమాటా ఆకు ముడత’ అని వెతుక్కుంటూ వచ్చిన 60 మంది తలా ఐదు నిమిషాలు చూస్తే 300 నిమిషాలు. ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. వీడియోను ఎవరు ఇష్టపడి చూశారన్నదాన్ని బట్టే యూట్యూబ్ దాన్ని అలాంటి మరికొందరికి చూపిస్తుంది. మొక్కలంటే ఆసక్తి లేనివాళ్లు అర నిమిషానికే వెళ్లిపోతుంటే, వీడియో అసలు తోటవాళ్ల దాకా చేరడమే కష్టమవుతుంది.

ఈ రెండు పద్ధతులూ యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధమే. మామూలుగా మొదట హెచ్చరిక వస్తుంది, తర్వాత స్ట్రైకులు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది. పని వేరేవాళ్లకు అప్పగించాను, వాళ్లేం చేశారో తెలియదంటే కుదరదు, బాధ్యత ఛానెల్‌దే.

మరి ఛానెల్ పెంచుకోడానికి పెట్టుకునే సలహాదారు నిజమైనవాడో కాదో ఎలా తెలుస్తుంది? ఇన్ని రోజుల్లో ఇంతమంది అని మాట ఇస్తే వద్దనేయండి. పనికొచ్చే మనిషి ముందు, జనం వీడియోను ఎక్కడిదాకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ అడుగుతాడు. జనం 40వ సెకనుకే ఎందుకు వెళ్లిపోతున్నారో వీడియో పెట్టి చూపిస్తాడు: పలకరింపు, పరిచయం అయ్యేసరికే ముప్పావు నిమిషం గడిచింది, ముడతపడ్డ ఆకు ఇంకా తెరమీదకే రాలేదు అంటాడు. థంబ్‌నెయిల్ మార్చమంటాడు. అతనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లోని Permissions లో Viewer గా చేరిస్తే లెక్కలన్నీ చూడగలడు.

పని మొదలయ్యాక ట్రాఫిక్ ఎక్కడినుంచి వస్తోందో మీరే చూసుకోండి. యూట్యూబ్ సెర్చ్, సజెస్టెడ్ వీడియోల నుంచి మెల్లగా పెరుగుతుంటే మంచిదే. తెలుగు వీడియోకు తెలుగువాళ్లు పెద్దగా లేని దేశాల నుంచి ఒక్క రాత్రిలో వ్యూస్ ఎగబాకి, సగటున కొన్ని సెకన్లే చూసి ఉంటే వెంటనే ఆ పని ఆపించండి.

డబ్బు పెట్టి ప్రచారం చేసుకోవాలనుకుంటే యూట్యూబ్ సొంత ప్రమోషన్ ఉంది. అది నిబంధనలకు లోబడినదే, కానీ యాడ్ ద్వారా వచ్చిన వాచ్ టైమ్‌ను ఆ 4000 గంటల్లో కలపరు.