ఫొటో పంపి బస్సు టైముల లిస్టు రాయించుకుంటున్నారా? ముందు నా సంగతి వినండి

మొన్న రాత్రి జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే సూటిగా రాస్తున్నాను.

యాత్రలకి వెళ్ళేవాళ్ళ గ్రూపుల్లో "బస్టాండు బోర్డు ఫొటో పంపండి, రూటు వారీగా టైములు రాసిస్తాను" అని పోస్టులు పెట్టే ఆయన మీలో చాలామందికి తెలుసు. అమ్మనీ పిన్నినీ శ్రీశైలం తీసుకెళ్ళాలని, మార్కాపురంలో ఉండే మా బావమరిదితో అక్కడి బస్టాండు బోర్డు ఫొటో తీయించి ఈయనకి పంపాను. 250 రూపాయలు తీసుకుని ఒక పేజీ పంపాడు. దోర్నాల, శ్రీశైలం, కర్నూలు అంటూ ఊరి పేరు పైన, టైములు కింద, చూడ్డానికి చక్కగా ఉంది. ఉదయం టైములు రెండు మా బావమరిదిని అడిగి చూసుకున్నాను, సరిపోయాయి. ఇంకేముంది, నమ్మేశాను.

లిస్టులో శ్రీశైలానికి ఆఖరి బస్సు రాత్రి 8.15. అది ఉంది కదా అని రైలు దిగాక ఊళ్ళోనే నిదానంగా భోంచేసి, 7.45కి బస్టాండుకి వెళ్ళాం. 8.15కి బస్సు వచ్చింది, పల్లెవెలుగు. ముందు అమ్మని ఎక్కించబోతుంటే కండక్టరు ఆపాడు. "శ్రీశైలమా? ఇది దోర్నాల దాకానే అమ్మా. తొమ్మిదికి గేటు వేసేస్తారు, ఇంక పైకి ఏ బస్సూ పోదు" అన్నాడు.

దోర్నాల నుంచి శ్రీశైలం దారి నల్లమల అడవిలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లని వదలరు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. 8.15కి మార్కాపురంలో బయలుదేరిన బస్సు తొమ్మిదిలోగా గేటు దాటలేదని ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేది. ఆలోచించకపోవడం నా తప్పే. మోకాళ్ళ నొప్పులతో అమ్మ అర్ధరాత్రి దాకా లాడ్జి కోసం తిరగాల్సి వచ్చింది. కొండ మీద తీసుకున్న గది డబ్బులు పోయాయి, తెల్లవారి చేయించాలనుకున్న అభిషేకం పోయింది.

పొద్దున్నే బోర్డు ముందు నిలబడి లిస్టు పట్టుకుని చూశాను. బోర్డు ఎత్తులో ఉంది. మా బావమరిది ఎడమ చివర నిలబడి, కింద నుంచి ఏటవాలుగా తీశాడు. అలా తీస్తే వరుసలు కుడివైపు పోయేకొద్దీ కిందికి దిగినట్టు పడతాయి. ఈయన ఎడమ పక్క "శ్రీశైలం" చూసి అడ్డంగా చదువుకుంటూ పోయాడు. సగం దాటాక చూపు పై వరుసలోకి వెళ్ళిపోయింది. ఆ పై వరుస దోర్నాలది. ఉదయం టైములు బోర్డుకి ఎడమ సగంలో ఉన్నాయి కాబట్టి అవి సరిగ్గా వచ్చాయి, మధ్యాహ్నం నుంచి అన్నీ దోర్నాల బస్సులే. నేను సరిచూసుకున్నవి ఉదయానివే కదా!

ఇంతవరకూ పొరపాటు అనుకుని క్షమించేవాణ్ణి. కానీ ఒక చోట ట్యూబులైటు వెలుగు పడి ఫొటోలో నిమిషాల అంకెలు అసలు కనిపించడం లేదు. లిస్టులో మాత్రం 5.30 అని ఉంది. ఫోన్ చేసి, కనిపించని అంకె ఎలా రాశారని అడిగాను.

"ఖాళీ వదిలితే మీరు డబ్బులిస్తారా? పైనా కిందా చూసి వేశాను. ఫొటో సరిగా తీయనిది మీరు" అన్నాడు.

మా అమ్మ వయసు చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. నన్ను మండించింది ఇదే. తెలియదని రాస్తే నేను అడిగి కనుక్కునేవాణ్ణి. ఊహించి రాసిన అంకెకీ, చూసి రాసిన అంకెకీ లిస్టులో తేడా ఏం కనిపిస్తుంది?

రాయించుకునేవాళ్ళు ఒకటి చేయండి. ఫొటో బోర్డుకి ఎదురుగా నిలబడి తీయండి, పెద్ద బోర్డయితే రెండు మూడు ముక్కలుగా, ప్రతి ముక్కలో ఊరి పేర్లు కూడా పడేలా. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అంకెలు మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపండి. లిస్టు వచ్చాక ఒక్కో ఊరికి ఎన్ని టైములున్నాయో బోర్డుతో లెక్కపెట్టి చూడండి. నేను లెక్కపెట్టి ఉంటే శ్రీశైలానికి రెండు ఎక్కువ ఉన్నాయని అప్పుడే తెలిసేది. ప్రతి వరుసలో ఆఖరి టైము మాత్రం బస్టాండు ఎంక్వయిరీలో తప్పకుండా అడగండి.

ఆయన ఇదే మార్కాపురం లిస్టు ఇంకొందరికి కూడా అమ్మాడని తెలిసింది. మీ దగ్గర ఉంటే శ్రీశైలం కింద మధ్యాహ్నం 12 తర్వాత టైములన్నీ కొట్టేయండి.