‘వొర్రెయ్’ కథ, దాని వెంట ఉన్న అభ్యాసాలు: చాలాకాలం వాడాక

ఇటాలియన్‌లో మర్యాదగా కోరిక చెప్పడానికి వాడే ‘వొర్రెయ్’ లాంటి కండిషనల్ క్రియలను నేర్పే చిన్న పాఠం ఇది. ముందు ఒక పేజీ కథ, తర్వాత రెండు పేజీల అభ్యాసాలు, చివర జవాబులు. వర్తమాన కాలం, భవిష్యత్ కాలం అయిపోయి, భాషా స్థాయిల్లో ఎ2 నుంచి బి1 వైపు వెళ్తున్నవాళ్ల కోసం రాసింది. సొంతంగా చదువుకునేవాళ్లతోనూ, చిన్న తరగతుల్లోనూ ఏళ్ల తరబడి వాడిన మీదట చెబుతున్న మాట ఇది: కథ బాగుంది, అభ్యాసాలు సగమే బాగున్నాయి, ఆ రెండో సగాన్ని మనమే సరిచేసుకోవాలి.

కథ లూక్కా ఊళ్లోని ఒక చిన్న లాడ్జిలో జరుగుతుంది. ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వస్తుంది. ‘వొర్రెయ్ ఉన కామెర త్రంక్విల్ల’ అంటుంది, చప్పుడు లేని గది కావాలని. వీధి వైపు గది చూపిస్తే, లోపలి వాకిలి వైపు గదైతే మేలని ‘ప్రెఫెరిరెయ్’తో చెబుతుంది. పొద్దున ఆరింటికి లేపగలరా అని ‘పొత్రెబ్బె జ్వెల్యార్మి అల్లె సెయ్?’ అని అడుగుతుంది. రేడియో కాస్త తగ్గిస్తారా అనడానికి ‘లె దిస్ప్యచెరెబ్బె’తో మొదలుపెడుతుంది. ఇంతలో మనవడు ‘వోల్యొ ఉన్ జెలాతొ!’ అని అరుస్తాడు. ఇటలీలో పిల్లలు ‘వోల్యొ’, అంటే ‘నాకు కావాలంతే’ అని మంకుపట్టు పడితే, ‘వోల్యొ అనే గడ్డి రాజుగారి తోటలో కూడా మొలవదు’ అని పెద్దవాళ్లు అనడం మామూలే. అవ్వ కూడా ఆ మాటే అంటుంది. కథ మొత్తంలో గట్టి పని చేసేది ఈ ఒక్క చోటే. ‘వోల్యొ’కూ ‘వొర్రెయ్’కూ తేడా ఏ సూత్రం అక్కర్లేకుండా బుర్రకెక్కుతుంది.

కథలో వచ్చే రూపాలు దాదాపు అన్నీ రెండే రకాలు: ‘నేను’ రూపం, మర్యాదగా ‘మీరు’ అనే ‘లెయ్’ రూపం. ఒకటి ‘-రెయ్’తోనూ, రెండోది ‘-రెబ్బె’తోనూ ముగుస్తాయి. ఇది లోపం కాదు. కౌంటరు ముందు నిలబడి ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు నిజంగా కావలసినవి ఈ రెండే. చదువుకోడానికి ఇటలీ వెళ్లిన మన పిల్లలు క్వెస్తూర అనే పోలీసు కార్యాలయంలో నివాస అనుమతి పత్రం గురించి అడగాలన్నా ‘వొర్రెయ్’, ‘నాకు ఫలానాది అవసరమండీ’ అనే ‘అవ్రెయ్ బిజోన్యొ ది’, ‘పొత్రెబ్బె’ మూడూ వస్తే పని నడుస్తుంది.

చిక్కు అభ్యాసాల్లో మొదలవుతుంది. మొదటి అభ్యాసం ఆరు రూపాల పట్టిక నింపడం: -రెయ్, -రెస్తి, -రెబ్బె, -రెమ్మొ, -రెస్తె, -రెబ్బెరొ. కథలో రెండే చూసినవాడు ఇక్కడ ఆరూ రాయాలి. మిగిలిన నాలుగూ ఎక్కడా విననివి కాబట్టి పట్టికగా బట్టీపట్టి, మర్నాటికి మర్చిపోతారు. దీనికి విరుగుడు తేలిక. పట్టిక నింపే ముందు కథను మార్చి చదవాలి. అవ్వ బదులు దంపతులు వచ్చారనుకుంటే, ‘మేము’ రూపమూ, గుమస్తా ఆ ఇద్దరితో మాట్లాడేటప్పుడు ‘మీరిద్దరూ’ రూపమూ, వాళ్ల గురించి లోపలికి చెప్పేటప్పుడు ‘వాళ్లు’ రూపమూ వస్తాయి. మనవడితో అవ్వ మాట్లాడితే ‘నువ్వు’ రూపం వస్తుంది. ఒక్క గంట పని, కానీ ఆరు రూపాలకూ నోళ్లు దొరుకుతాయి.

అసలు ఎక్కువమంది జారేది ‘మేము’ రూపంలో. అభ్యాసంలో ఒక వాక్యం: నేనూ మా ఆయనా రేపు డబ్బు కట్టడానికే ఇష్టపడతాం, ప్రెఫెరీరె క్రియతో ఖాళీ నింపండి. సరైన జవాబు ‘ప్రెఫెరిరెమ్మొ’. చాలామంది ‘ప్రెఫెరిరేమొ’ అని రాస్తారు. అది భవిష్యత్ కాలం. మర్యాదగా ‘ఇష్టపడతామండీ’ అనాల్సిన చోట ‘ముందుముందు ఇష్టపడబోతున్నాం’ అన్నట్టు అవుతుంది. రెండూ నిజమైన మాటలే కాబట్టి కంప్యూటర్ అక్షరదోషాలు వెతికినా పట్టదు. జవాబుల పేజీలోనూ సరైన రూపం ఇచ్చి ఊరుకున్నారు తప్ప ఎందుకని ఒక్క ముక్క లేదు.

ఇక్కడ తెలుగువాడికి ఒక లాభం ఉంది, పాఠం రాసినవాళ్లు ఊహించనిది. ఒంటరి హల్లుకూ ద్విత్వానికీ తేడా మన చెవికి పుట్టుకతో తెలుసు. ‘రేమొ’లో ఏ దీర్ఘం, మ ఒంటరి. ‘రెమ్మొ’లో ఎ హ్రస్వం, మ కింద ఒత్తు. ఇంగ్లీషు ద్వారా ఇటాలియన్ నేర్చుకునేవాళ్లు రెండిటినీ ఒకేలా పలికి ఇబ్బందిపడతారు. మనం ఆ రూపాలను పక్కన తెలుగు లిపిలో రాసుకుని పైకి చదివితే తప్పు చెవికి దొరికిపోతుంది. ఇటాలియన్ అక్షరాల్లో చూస్తూ మాత్రమే నేర్చుకుంటే రెండు ‘ఎమ్’లు ఒకటిగా కనిపించి మనమూ జారతాం.

తెలుగు లిపి ఒక చోట మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ‘-రెబ్బెరొ’లో ఊనిక ‘రెబ్’ మీద పడాలి. మనవాళ్లు ‘వొర్రెబ్బేరొ’ అని చివరికి ముందున్న దాన్ని సాగదీస్తారు. వేలితో బల్ల మీద తడుతూ, తట్టు ‘రెబ్’ దగ్గర పడేలా నాలుగైదుసార్లు చదివితే కుదురుతుంది. ఈ ‘-ఎబ్బె’, ‘-ఎబ్బెరొ’ల్లోని బ ద్విత్వం ‘కలిగి ఉండు’ అనే క్రియకు గతకాల రూపం నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో ‘ఎబ్బె’, ‘ఎబ్బెరొ’ ఈనాటికీ ఆ క్రియ రూపాలుగానే ఉన్నాయి. భవిష్యత్ కాలం అదే క్రియ వర్తమాన రూపం నుంచి వచ్చింది. అందుకే ముందు భాగం రెండిట్లో ఒకటే, తోకలు మాత్రం వేరు.

రెండో అభ్యాసం క్రియల మూలాలది. పాఠంలో అన్నిటికన్నా మేలైన భాగం ఇదే. భవిష్యత్ రూపం ఇచ్చి కండిషనల్ రాయమంటారు: ‘సరొ’ ఇస్తే ‘సరెయ్’, ‘అంద్రొ’ ఇస్తే ‘అంద్రెయ్’. తోక కోసి కొత్త తోక అతికించడమే కాబట్టి, భవిష్యత్ కాలం గట్టిగా వచ్చినవాడికి అక్రమ క్రియలు మళ్లీ నేర్చుకునే పని లేదు. మామూలు ‘-ఆరె’ క్రియల్లో ‘ఆ’ కాస్తా ‘ఎ’ అవుతుంది, పర్లారె ‘పర్లెరెయ్’ అవుతుంది కానీ ‘పర్లరెయ్’ కాదు. ఇది భవిష్యత్‌లో వచ్చినవాళ్లకు ఇక్కడా వస్తుంది. పగారె, చెర్కారెల్లో గ, క శబ్దాలు చెడకుండా రాతలో ఒక ‘హెచ్’ చేర్చాలి. మంజారెలో మాత్రం ‘ఐ’ తీసేయాలి. పాఠంలో ఇవి ఒకే వాక్యంలో కలిపి అడిగారు, విడదీసి చేయిస్తే మేలు.

ఈ అభ్యాసంలో నవ్వు తెప్పించే తప్పొకటి తప్పకుండా కనిపిస్తుంది. వొలేరె, అంటే కోరడం. దాన్ని మామూలు క్రియలా చేసి ‘వొలెరెయ్ ఉన్ కఫ్ఫె’ అంటారు. ‘వొలెరెయ్’ నిజంగానే ఉంది, కానీ అది వొలారె క్రియది, అంటే ‘ఎగురుతాను’. కాఫీ అడగబోయి ఎగరడానికి సిద్ధమైనట్టు. అలాగే వెనీరెకు ‘వెర్రెయ్’, అంటే ‘వస్తాను’. ‘వొర్రెయ్’కూ దీనికీ ఒక్క అచ్చు తేడా. ఈ మూడూ ఒకే కాగితం మీద రాసి, వినిపిస్తూ వేలు పెట్టించడం పట్టిక కన్నా బాగా పనిచేస్తుంది.

మూడో అభ్యాసం మాత్రం నాకు నచ్చలేదు. మామూలు వాక్యాలు ఇచ్చి అన్నిటినీ ‘మర్యాదగా’ మార్చమంటారు. కోరికల వాక్యాలకు అది సరే. కానీ ‘దేవొ పర్తీరె అల్లె సెయ్’, అంటే ‘ఆరింటికి బయల్దేరాలి’ అన్నదాన్ని కూడా ఆ జాబితాలో పెట్టారు. దాన్ని ‘దొవ్రెయ్ పర్తీరె’ చేస్తే మర్యాద పెరగదు, అర్థమే మారిపోతుంది: ‘బయల్దేరాల్సిందే, కానీ చూద్దాం’ అన్నట్టు. రైలు అందుకోవాల్సిన మనిషి గుమస్తాతో అలా అంటే ఆరింటికి లేపుతారన్న నమ్మకం లేదు. ఆ వాక్యం కొట్టేసి, దాని బదులు ‘నాకు తువ్వాలు ఇవ్వండి’ లాంటి ఆజ్ఞార్థకం పెట్టి ‘మి దరెబ్బె’గా మార్పించడం మంచిది.

‘మి ప్యచెరెబ్బె’ దగ్గర మళ్లీ మనకు కలిసొస్తుంది. వాకిట్లో టిఫిన్ చేయడం ‘నాకు ఇష్టం’ అనే ధోరణే అక్కడ కూడా: మనిషికి ‘కు’, ఇష్టపడే వస్తువు కర్త. ఇంగ్లీషు అలవాటుతో ‘నేను’తో మొదలుపెట్టి ‘ప్యచెరెయ్’ అంటే ‘నన్ను చూసి ఇష్టపడతారు’ అని అవుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఇష్టపడేవి రెండైతే క్రియ కూడా బహువచనమై ‘మి ప్యచెరెబ్బెరొ’ అవ్వాలి. పక్కపక్కన రెండు గదులు అడిగే వాక్యం ఈ అభ్యాసంలో ఉండాల్సింది, లేదు. మీరే చేర్చుకోండి.

కథలో వివరణ లేకుండా జారవిడిచినవి రెండున్నాయి. ‘మీరు నన్ను లేపాలని నా కోరిక’ అనే వాక్యం ‘వొర్రెయ్ కె’తో మొదలవుతుంది. ‘కె’ వచ్చి కర్త మారితే వెనుక క్రియ ఇంకో రూపంలోకి, సంభావనార్థక గతంలోకి వెళ్తుంది. ఈ స్థాయివాళ్లకు అది ఇంకా రాదు. ఆ వాక్యాన్ని ‘పొత్రెబ్బె’తో మార్చి చదివిస్తే సరిపోతుంది. చివర్లో అవ్వ ఇంకో రాత్రి ఉండాలనుకున్నాను, కుదరలేదు అంటూ ‘అవ్రెయ్ వొలూతొ’ అంటుంది. అది తీరని కోరికది, ప్రస్తుతానికి అర్థం చెప్పి వదిలేయవచ్చు.

ఇంకో సంగతి. పాఠం చదివితే ఇటాలియన్లు ప్రతిదీ ‘వొర్రెయ్’తోనే అడుగుతారనిపిస్తుంది. బార్‌లో నిలబడి కాఫీ అడిగేటప్పుడు ‘ఉన్ కఫ్ఫె, పెర్ ఫవోరె’ అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. దుకాణాల్లో గతకాల రూపం ‘వొలేవొ’ కూడా మర్యాదకే వాడతారు, ‘ఒకటి తీసుకుందామని వచ్చానండీ’ అన్నట్టు. పుస్తకంలో లేని ఆ మాట విని గతం అనుకుని తికమకపడొద్దు.

సొంతంగా చదువుకునేవాళ్లకు ఒక వరస చెబుతాను. మొదటిరోజు కథ మాత్రమే, ‘-రెయ్’, ‘-రెబ్బె’ల కింద గీతలు గీస్తూ. రెండోరోజు రెండో అభ్యాసం, భవిష్యత్ రూపాలు పక్కన పెట్టుకుని. మూడోరోజు దంపతులతో మార్చిన కథ, ఆ తర్వాతే పట్టిక. మూడో అభ్యాసం చివరికి, అదీ పైన చెప్పిన వాక్యం తీసేసి. భవిష్యత్ కాలం ఇంకా తడబడుతుంటే ఈ పాఠం ఇప్పుడే తెరవకండి. ‘రేమొ’, ‘రెమ్మొ’ రెండూ ఒకేసారి వదులుగా ఉంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి.