రేషన్ కార్డు చూసి రాసిచ్చే వారసుల దరఖాస్తు కొనకండి, జాగ్రత్త

నాయిన పోయిన ఇంట్లో దినాలు కాగానే మొదలయ్యే పని వారసుల సర్టిఫికెట్. నల్లగొండ, పాలమూరు వైపు చాలా మండలాఫీసుల ముందు టైపింగ్ దుకాణాల్లో దీనికి తయారు దరఖాస్తు అమ్ముతున్నారు. పైసలిచ్చి రేషన్ కార్డు జిరాక్స్ చేతిలో పెడితే పది నిమిషాల్లో అర్జీ, అఫిడవిట్ రెండూ వచ్చేస్తాయి. అట్లా కొన్న కాగితాలతో మోసపోయిన వాళ్ల పరిస్థితి చూసి ఇది రాస్తున్నాం. చిక్కంతా ఆ జిరాక్స్ దగ్గరే ఉంది.

రేషన్ కార్డు ఒక పొయ్యి మీద తినేవాళ్ల లెక్క. వారసుల లెక్క వేరు. దుకాణంలో కార్డు మీద పేర్లు ఉన్నవి ఉన్నట్టు దించి పైన ‘వారసులు’ అని తగిలిస్తారు.

ఒక ఇల్లు అనుకుందాం. చనిపోయినాయన ఎల్లయ్య. భార్య ఉంది. ముసలి తల్లి ఉంది, ఆమెకు వేరే కార్డు. పెద్దకొడుకు ఊళ్లోనే భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. చిన్నకొడుకు నాయిన కన్నా ముందే పోయాడు, అతని భార్య బాబును తీసుకుని తల్లిగారింటికి పోయింది. బిడ్డ పెళ్లయి భివండిలో ఉంటుంది. కార్డులో ఇప్పుడున్నవి ఐదు పేర్లు: భార్య, పెద్దకొడుకు, పెద్ద కోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు. దుకాణం అర్జీలోనూ ఆ ఐదే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం లెక్కన చూస్తే ఆ ఐదుగురిలో వారసులు ఇద్దరే, భార్య, పెద్దకొడుకు. కొడుకు బతికుండగా కోడలికీ, అతని పిల్లలకూ వారసత్వం రాదు. రావలసిన నలుగురి పేర్లేమో అసలే లేవు: తల్లి, బిడ్డ, చనిపోయిన చిన్నకొడుకు భార్య, అతని బాబు. వీలునామా లేకుండా పోతే ఎల్లయ్య స్వార్జితం ఐదు భాగాలవుతుంది. తల్లికొకటి, భార్యకొకటి, పెద్దకొడుక్కొకటి, బిడ్డకొకటి. ఐదోది చిన్నకొడుకు వంతు, అది అతని భార్య, బాబు ఇద్దరికీ. బిడ్డకు పెళ్లయిందా, కట్నం ఇచ్చామా అన్నది ఈ జాబితాకు సంబంధం లేని మాట. తల్లి మొదటి తరగతి వారసురాలన్న సంగతైతే రాసేవాళ్లకే కాదు, చాలా ఇళ్లలోనూ తెలియదు. ముస్లిం కుటుంబాలకు వారసుల లెక్క వేరుగా ఉంటుంది, ఈ జాబితా వాళ్లకు పనికిరాదు.

ఇంతకన్నా ప్రమాదం అఫిడవిట్ చివర ఉంటుంది. ‘పైన పేర్కొన్న వారు తప్ప మరణించిన వారికి వేరే వారసులు ఎవరూ లేరు’ అనే వాక్యం ప్రతి తయారు అఫిడవిట్‌లోనూ ఉంటుంది. దాని కింద నోటరీ ముందు సంతకం పెట్టేది దుకాణం వాడు కాదు, మీరు. బిడ్డను వదిలేసి ఆ వాక్యం కింద సంతకం చేస్తే అబద్ధపు ప్రమాణమే. రేపు ఆమె ఫిర్యాదు చేస్తే సర్టిఫికెట్ రద్దవడంతో ఆగకపోవచ్చు, క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. అందుకే ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం చేసి దుకాణంలో వదిలి రావద్దు. ‘మీరు పోండి, మేం నింపుకుంటాం’ అన్నారంటే ఆ పేపరు వెనక్కి తీసుకోండి.

విచారణకు వచ్చే గిర్దావర్ ఊళ్లో నలుగురిని అడిగి పంచనామా రాస్తాడు. పక్కింటివాళ్లు ‘బిడ్డ భివండిలో ఉంది గదా’ అన్నారంటే ఫైలు అక్కడికక్కడే ఆగుతుంది. చెప్పాలంటే ఆగడమే అదృష్టం. ఆగకుండా సర్టిఫికెట్ వచ్చి, భూమి పాస్‌బుక్కులో పేర్లు మారిపోయాక గొడవ లేస్తే అది సివిల్ కోర్టుకు పోతుంది.

దరఖాస్తు మీరే రాసుకోవచ్చు, ఒక పేజీ చాలు. చనిపోయిన మనిషి నివాసమున్న మండలం తహసీల్దారుకే రాయాలి. మీరు హైదరాబాదులో ఉన్నారని అక్కడ పెడితే తిరిగొస్తుంది. మాటలు ఇట్లా ఉంటే సరిపోతుంది:

‘గౌరవనీయులైన తహసీల్దారు గారికి. విషయం: మా తండ్రి గారి మరణానంతరం కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం. మా తండ్రి ఎల్లయ్య అలియాస్ యెల్లయ్య, ఫలానా గ్రామ నివాసి, ఫలానా తేదీన మరణించారు. మరణ నమోదు సంఖ్య ఫలానా. వారికి ఉన్న వారసులు: 1. తల్లి, 2. భార్య, 3. పెద్ద కుమారుడు, 4. కుమార్తె, వివాహిత, 5. ముందుగా మరణించిన చిన్న కుమారుని భార్య, 6. ఆ చిన్న కుమారుని కొడుకు, మైనరు, సంరక్షకురాలు తల్లి. ఈ పత్రం ఫలానా పని కోసం అవసరం. విచారించి మంజూరు చేయగలరు.’

ప్రతి పేరు పక్కన వయసు, ఆధార్ నంబరు, ఇప్పుడుంటున్న ఊరు, వీలైతే సంతకం పెట్టించండి. చనిపోయిన కొడుకు పేరును దాచకుండా, ఎప్పుడు పోయాడో కూడా రాయండి. లేకపోతే ఐదు, ఆరు నంబర్లు ఎక్కడినుంచి వచ్చాయో చదివేవాళ్లకు అర్థం కాదు.

జతపరిచే వాటిలో మామూలువి అందరికీ తెలిసినవే: మరణ ధ్రువపత్రం, చనిపోయినాయన ఆధార్, వారసులందరి ఆధార్, రేషన్ కార్డు, నోటరీ అఫిడవిట్. ఆయన సర్కారు ఉద్యోగో, పెన్షనరో అయితే ఆ కాగితం కూడా. దుకాణంవాళ్లు చెప్పనివి రెండున్నాయి. ఒకటి, ముందే పోయిన చిన్నకొడుకు మరణ ధ్రువపత్రం. రెండోది బిడ్డకు సంబంధించినది. పెళ్లయ్యాక ఆధార్‌లో చాలామందికి భర్త పేరుంటుంది, ఆమె ఎల్లయ్య బిడ్డేనని ఆ కార్డు చెప్పదు. నాయిన పేరున్న పదో తరగతి మెమో గానీ, స్కూలు టీసీ గానీ పెట్టండి. చదువుకోకపోతే అఫిడవిట్‌లో ఆ సంబంధం రాయించి, పంచనామాలో ఊరి సాక్షుల చేత చెప్పించాలి.

పేర్ల తేడా ముందే చూసుకోండి. ఇంగ్లిషులో ఎల్లయ్య ఆధార్‌లో ‘వై’తో, మరణ పత్రంలో ‘ఈ’తో, పాస్‌బుక్కులో ఇంకోలా ఉండటం మన దగ్గర మామూలే. తేడా చిన్నదైతే పైన రాసినట్టు అలియాస్ పెట్టి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయిస్తే చాలాచోట్ల నడుస్తుంది. పేరే మారిపోయినా, తండ్రి పేరు తప్పున్నా ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర, మున్సిపాలిటీ అయితే అక్కడ మరణ నమోదు సరిచేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి. సర్టిఫికెట్ వచ్చాక సరిచేయాలంటే మళ్లీ మొదటికే రావాలి.

మీసేవ కౌంటర్లో పైసలు కట్టేముందు తెరమీద టైపు చేసిన పేర్లు మీ కాగితంతో ఒక్కొక్కటిగా చదివి చూడండి. రసీదు మీద దరఖాస్తు నంబరు మీ దగ్గరే ఉంచుకోండి, దుకాణం వాడి దగ్గర వదలొద్దు. అది చేతిలో ఉంటే ఫైలు ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు.

ఇంకో మాట. ‘లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తెచ్చిస్తాం’ అని దుకాణంలో తీసుకునే పైసలకు చివరికి చేతికొచ్చేది తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. కుటుంబంలో ఎవరెవరున్నారో అది చెబుతుంది, ఆస్తి ఎవరిదో తేల్చదు. నామినీ లేని డిపాజిట్లకు కొన్ని బ్యాంకులు సివిల్ కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్టే కావాలంటాయి. కాబట్టి కాగితం ఎక్కడ ఇవ్వాలో ఆ ఆఫీసుకే ముందు పోయి ఏది కావాలో అడిగి, వీలైతే రాసి తెచ్చుకోండి. ఆ తర్వాతే మండలాఫీసుకు బస్సెక్కండి.