బడి వార్షిక నివేదిక: ఆఫీసు పట్టికలా, మాటల్లో రాసిన నాలుగు పేజీలా – ఏది మేలు?

జూన్ చివర్లో పాఠశాల యాజమాన్య కమిటీ కూర్చుంటుంది. దానికి వార్షిక నివేదిక పెట్టాలి. చాలా బళ్లలో జరిగేది ఒకటే: మండల ఆఫీసుకి పంపిన పట్టికలు జిరాక్స్ తీసి, పైన కవరింగ్ లెటర్ పెట్టి, సభ్యుల చేత సంతకాలు చేయిస్తారు. రెండో పద్ధతి, అవే రిజిస్టర్లు ముందు పెట్టుకుని కమిటీ కోసం విడిగా మామూలు తెలుగులో రాయడం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. గ్రాంటు ఖర్చు మీద కన్నేసి ఉంచే బాధ్యత కూడా చట్టం వాళ్లకే ఇచ్చింది. కాబట్టి ఏ నివేదిక చదివితే వాళ్లు ప్రశ్న అడగగలరన్నదే నా కొలమానం.

ఆరు నుంచి పది దాకా ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్‌ని ఊహించుకుని రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. లెక్కలు ఉదాహరణకి వేసుకున్నవే.

ముందు పిల్లల సంఖ్య. ఆఫీసు పట్టికలో తరగతి వారీగా, బాలురు బాలికలు, సామాజిక వర్గాల వారీగా గడులుంటాయి. చివర్లో మొత్తం 136. పోయినేడు 142. ఆరుగురు తగ్గారు, అంతే. పైగా దేశంలోని బళ్ల వివరాలన్నీ నమోదయ్యే యూడైస్‌కి వెళ్లే సంఖ్య సెప్టెంబర్ 30 నాటిది. కమిటీ కూర్చునేది జూన్‌లో. ఎవరైనా హాజరు పట్టీ చూసి ‘ఈ నంబరు వేరేగా ఉందేంటి సార్’ అంటే హెచ్చెం తడబడక తప్పదు.

మాటల్లో రాస్తే ఇలా వస్తుంది: ‘పోయిన జూన్ 30న బడిలో 142 మంది ఉన్నారు. పదో తరగతి పరీక్ష రాసి 31 మంది వెళ్లిపోయారు. తొమ్మిది మంది టీసీ తీసుకున్నారు: నలుగురు గురుకులానికి, ముగ్గురు ప్రైవేటుకి, ఇద్దరు అమ్మానాన్నలతో పనుల కోసం వేరే ఊరికి. ఇద్దరు టీసీ తీసుకోకుండానే బడి మానేశారు. ఆరో తరగతిలో 28 మంది, మిగతా తరగతుల్లో 8 మంది కొత్తగా చేరారు. ఈ జూన్ 30న 136 మంది.’ 142లోంచి 42 తీసి 36 కలిపితే 136. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం పక్కన పెట్టుకుంటే ఇది గంట పని.

లెక్క సరిపోయిందంటే రిజిస్టర్లు సరిగ్గా ఉన్నాయన్నమాట. సరిపోకపోతే సాధారణంగా కారణం ఒకటే: బడికి రాని పిల్లల పేర్లు ఇంకా హాజరు పట్టీలో నడుస్తుంటాయి. పట్టికలో ఈ లోపం కనబడదు, ఎందుకంటే అక్కడ మొత్తం మాత్రమే అడుగుతారు, రాకపోకలు అడగరు. పైగా ఆరుగురు తగ్గారంటే కమిటీ ఏం చేస్తుంది? ఇద్దరు మానేశారంటే ఆ ఇళ్లకి వెళ్లగలదు.

ఆ ఇద్దరే ఫలితాల దగ్గర మళ్లీ ఎదురవుతారు. పట్టికలో ఉండేది: హాజరైనవారు 31, ఉత్తీర్ణులు 26, ఉత్తీర్ణతా శాతం 83.87. బడి మానేసిన ఇద్దరూ పదో తరగతి వాళ్లే. జూన్‌లో ఆ తరగతిలో 33 మంది. అలా చూస్తే 33లో 26, అంటే 79 శాతం. రెండూ నిజమే, కానీ మొదటిది మాత్రమే బయటికి వస్తుంది. ఇంత చిన్న తరగతికి అసలు శాతాలే వద్దంటాను. 31 మందిలో ఒక్కరు అటూ ఇటూ అయితే మూడు శాతం మారిపోతుంది, దాంతో లేనిపోని టెన్షన్, లేకపోతే లేనిపోని పొగడ్త.

మాటల్లో: ‘పదో తరగతిలో 33 మంది చేరితే 31 మంది పరీక్ష రాశారు. 26 మంది మొదటిసారే పాసయ్యారు. తప్పిన ఐదుగురిలో నలుగురికి లెక్కల్లోనే పోయింది, ఒకరికి లెక్కలూ సైన్సూ. సప్లిమెంటరీలో ముగ్గురు గట్టెక్కారు.’ ఐదుగురూ లెక్కల్లో తప్పారని వినగానే ఎవరో ఒక తల్లి ‘లెక్కల మాస్టారు ఎన్ని నెలలు లేరు?’ అని అడుగుతుంది. 83.87 చూసి ఆ ప్రశ్న పుట్టదు.

ఇక్కడ మాటల పద్ధతికి ఒక ప్రమాదముంది. చిన్న ఊళ్లో ‘ఒకరికి రెండు సబ్జెక్టులు పోయాయి’ అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది. తరగతి, ఆడపిల్లా మగపిల్లాడా, కారణం – మూడూ ఒకే వాక్యంలో పెడితే పేరు రాసినట్టే. మానేసిన పిల్ల పెళ్లి సంగతిలాంటివి కాగితం మీద రాకూడదు, అధ్యక్షురాలితో విడిగా మాట్లాడాలి. ఈ ఒక్క విషయంలో పట్టికే భద్రం.

కార్యక్రమాల సంగతి త్వరగా తేల్చేస్తాను. ఆగస్టు 15, నవంబరు 14 ప్రతి బడిలోనూ జరిగేవే. ఫొటోలతో ఆరు పేజీలు నింపనక్కర్లేదు. ఏ పోటీకి ఎంతమంది పిల్లలు వెళ్లారు, వాళ్లలో మొదటిసారి వెళ్లినవాళ్లెందరు – ఇది చాలు.

డబ్బు దగ్గర మాత్రం తేడా గట్టిగా ఉంటుంది. సమగ్ర శిక్ష పథకం నిబంధన ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయల పాఠశాల గ్రాంటు. పట్టికలో ‘గ్రాంటు 50,000’ అని కనిపిస్తుంది. మన బడికి మార్చి 31 లోపు విడుదలైంది 25,000 మాత్రమే అనుకుందాం. ఇది రాయకపోతే మిగతా 25,000 ఎవరు తిన్నారని ఊళ్లో మాట పుడుతుంది. ‘రావాల్సింది 50,000, వచ్చింది 25,000, అంతా ఖర్చయింది, దేనికెంతో కింద ఉంది’ అని నాలుగు ముక్కల్లో రాస్తే ఆ మాట పుట్టదు.

దాతల ఖాతా ఇంకా చిక్కు. పాత నిల్వ 6,400, పూర్వ విద్యార్థులిచ్చింది 18,000, మొత్తం 24,400. ఖర్చు 20,400. క్యాష్ బుక్‌లో నిల్వ 4,000. కానీ బ్యాంకు పాస్‌బుక్‌లో 11,500! కారణం మామూలుదే: బోరు మోటారు బాగుచేసిన మెకానిక్‌కి మార్చి చివర్లో ఇచ్చిన 7,500 చెక్కు ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు. పట్టికలో నిల్వకి ఒకటే గడి, రెంటిలో ఏది రాసినా ఎవరో ఒకరికి అనుమానం. మాటల్లో ఒక్క వాక్యంతో తేలిపోతుంది. ఆ తేడాకి వాక్యం రాయలేకపోతున్నారంటే మాత్రం మీటింగ్ వాయిదా వేసి, ముందు ఓచర్లు వెతకాలి.

అలాగని పట్టిక పనికిరాదనుకోవద్దు. ఆడిటర్‌కి ఓచరు నంబరు, తేదీ, తీర్మానం నంబరు కావాలి. వినియోగ పత్రానికి నిర్ణీత నమూనా ఉంటుంది. ‘మోటారు బాగుచేయించాం’ అన్న వాక్యం అక్కడ చెల్లదు. రాసే మాస్టారికి ఊరి పెద్దల్ని పొగిడే అలవాటుంటే మాటల నివేదిక సన్మానపత్రంలా తయారవుతుంది కూడా.

నా ఓటు మాటల్లో రాసిన నాలుగు పేజీలకే, పట్టికలు వెనక అనుబంధంగా. రాయడం కూడా ఆ వరసలోనే జరగాలి. ముందు మాటలు రాస్తే రిజిస్టర్లలో అతకని చోట్లు అప్పుడే బయటపడతాయి, పట్టికలో దిద్దుకోవచ్చు. ముందు పట్టిక నింపి, దాన్ని చూసి మాటలు అల్లితే ఆ తప్పులే తెలుగులోకి దిగుతాయి.

చదవడం రాని సభ్యులుంటారు కాబట్టి నివేదికని మీటింగ్‌లో ఒకరు పైకి చదవాలి. హెచ్చెం కాకుండా తల్లుల్లో ఒకరు చదివితే ఇంకా మంచిది, ఆమె ఆగిన చోటల్లా వాక్యం మార్చాలని తెలుస్తుంది. సప్లిమెంటరీ ఫలితాలు రాకముందే పెట్టాల్సొస్తే ఆ వరస ఖాళీగా వదిలి, తర్వాతి సమావేశంలో నింపి మినిట్స్‌లో ఎక్కించాలి.