సీటు కంటే ముందు పీట చూడండి: మూడేళ్ళ వాడకం తర్వాత

గుంటూరు బ్రాడీపేటలోని మా ఫ్లాట్‌లో ఈ మూడేళ్ళలో కమోడ్ మీద పెట్టే పిల్లల సీట్లు మూడు, కాళ్ళ కింద వేసే స్టూళ్ళు రెండు వాడాం. పాపకు రెండేళ్ళ నాలుగు నెలలప్పుడు మొదలుపెట్టాం. అప్పటికి చిన్నవాడు నా కడుపులో ఉన్నాడు. వాడు పుట్టేలోపు పాపకు డైపర్ మాన్పించాలన్నది నా తొందర. ఇప్పుడు పాపకు ఐదు నిండాయి, బాబుకు రెండున్నర. అవే సీటు, స్టూల్ వాడి చేతికొచ్చాయి.

మొదటి సీటు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నాను. మెత్తటి కుషన్, రెండు పక్కలా పట్టుకునే పిడులు, మీద బాతు బొమ్మ. పాపకు భలే నచ్చింది. దాంతోపాటు ప్లాస్టిక్ స్టూల్ ఒకటి తీసుకున్నాను, దాని ఎత్తు చూడాలని నాకు తట్టలేదు. రెండు వారాల్లో ఒంటికి అలవాటైంది. రెంటికి మాత్రం ససేమిరా అంది. సీటు మీద కూర్చోబెడితే పిడులు గట్టిగా పట్టుకుని, భుజాలు బిగబట్టి, రెండు నిమిషాలకే దించమనేది. తర్వాత హాల్లో కర్టెన్ వెనక్కి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసుకుని ఉండేది. ముక్కుతోందనుకున్నాను. నిజానికి అది ముక్కడం కాదు, రాకుండా ఆపుకోవడం. ఒకసారి వరుసగా నాలుగు రోజులు వెళ్ళలేదు. ఐదో రోజు గట్టిగా వచ్చి, నొప్పికి ఏడ్చింది. ఆ నొప్పి గుర్తుండిపోయి ఇంకా ఆపుకోవడం మొదలుపెట్టింది. లోదుస్తులకు కొద్దికొద్దిగా అంటుకుంటే శుభ్రంగా కడుక్కోలేదని కోప్పడ్డాను కూడా. లోపల గట్టిపడి నిలిచిపోయిన దాని పక్కనుంచి పల్చగా జారి అలా అంటుతుందని, అది పాప చేతిలో లేదని తర్వాత తెలిసింది. ఆ కోప్పడడం నాకు ఇప్పటికీ బాధే.

పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, మలం మెత్తబడడానికి సిరప్ రాసి, ఒక ప్రశ్న అడిగారు. ‘కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాప పాదాలు ఎక్కడుంటాయమ్మా?’ కింద స్టూల్ ఉందండీ అన్నాను. ‘స్టూల్ ఉండడం కాదు, పాదం దానికి పూర్తిగా ఆనుతోందా?’ అన్నారు. ఇంటికొచ్చి చూస్తే పాదాలు గాలిలో వేలాడుతున్నాయి. బాగా సాగదీసినా బొటనవేలు కూడా తగలడం లేదు.

ఆయన చెప్పింది ఇది. మలద్వారానికి కాస్త పైన ఒక కండరం పేగు చుట్టూ ఉచ్చులా తిరిగి, దాన్ని ముందుకు లాగి వంచి ఉంచుతుంది. మనం నిలబడ్డప్పుడు, నడిచేటప్పుడు ఆపుకోగలిగేది ఆ వంపు వల్లే. గొంతుక్కూర్చుని మోకాళ్ళు పైకొచ్చినప్పుడు ఆ కండరం వదులై, దారి తిన్నగా అవుతుంది. కాళ్ళు వేలాడుతుంటే మోకాళ్ళు కిందికి దిగిపోతాయి. పైగా పడిపోతానన్న భయంతో బిడ్డ ఒళ్ళంతా బిగబడుతుంది, ఆ బిగింపులో కింది కండరాలూ బిగుసుకుంటాయి. వదలాల్సిన చోటే పట్టుకుంటుంది.

ఇది మా అత్తగారితో చెబితే, ‘అందుకేగా కాళ్ళ మీద కూర్చోబెట్టేది’ అన్నారు. తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళో పసిపిల్లల్ని అలాగే కూర్చోబెడతారు. పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని, రెండు పాదాల మధ్య సందు చేసి, బిడ్డను ఆ పాదాల మీద కూర్చోబెడతారు. బిడ్డ మోకాళ్ళు పొట్ట దగ్గరికి వస్తాయి, పాదాలకు ఆనుపు ఉంటుంది, వెనక్కి పడిపోయే భయం ఉండదు. సెలవులకు వెళ్ళినప్పుడు మా పాప అక్కడ ఇండియన్ లెట్రిన్‌లో, వాళ్ళ నానమ్మ చేతులు పట్టుకుని ఏ పేచీ లేకుండా వెళ్ళేది. తేడా ఊరి గాలిలో ఉందనుకున్నాను గానీ, పాదాల కింద నేల ఉందని గమనించలేదు.

ఇక టేపు పట్టుకుని కొలిచాను. మా కమోడ్ సీటు నేల నుంచి 41 సెంటీమీటర్లు. దాని మీద పిల్లల సీటు ఇంకో మూడు. మొత్తం 44. పాపను చిన్న కుర్చీ మీద కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి మడమ వరకు కొలిస్తే 22. అంటే స్టూల్ కనీసం 22 సెంటీమీటర్లుంటేనే పాదం ఆనుతుంది. మోకాళ్ళు తుంటి కంటే కాస్త పైకి రావాలంటే ఇంకో మూడు కలపాలి, 25. నేను కొన్న స్టూల్ 14. అది వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కోవడానికి సరిపోయే ఎత్తు. కొనేముందు మీరూ ఇలాగే కొలవండి. నేల నుంచి పిల్లల సీటు పైవరకు ఉన్న ఎత్తులోంచి బిడ్డ మోకాలి కింది కొలత తీసేసి, మూడు కలిపితే చాలు. గోడకు బిగించే కమోడ్లయితే బిగించినవాళ్ళ ఇష్టాన్ని బట్టి ఎత్తు మారుతుంది కాబట్టి పక్కింటి కొలత మీకు పనికిరాదు.

25 సెంటీమీటర్ల స్టూల్‌తో ఒక చిక్కుంది. రెండున్నరేళ్ళ పిల్లలు అంత ఎత్తు ఒక్క అడుగులో ఎక్కలేరు. అందుకే రెండు మెట్లది కావాలి. కింది మెట్టు 12 దగ్గర, పై మెట్టు 24, 25 దగ్గర ఉన్నది వెతికి తీసుకున్నాం. పై మెట్టు వెడల్పు కూడా చూడండి. మోకాళ్ళు దూరంగా పెట్టి కూర్చోవాలి, కాబట్టి రెండు పాదాలూ ఎడంగా పట్టాలి. మాది 36 సెంటీమీటర్ల వెడల్పు, సరిపోయింది. లోతు తక్కువైతే వేళ్ళు మాత్రమే ఆనుతాయి, మడమ గాలిలో ఉంటుంది. అది ఆనుపు కిందికి రాదు. స్టూల్ కమోడ్‌కు దగ్గరగా జరగాలి. దూరంగా ఉంటే బిడ్డ కాళ్ళు చాపి అందుకుంటుంది, మోకాళ్ళు మళ్ళీ దిగిపోతాయి. పాప పెరిగేకొద్దీ మోకాళ్ళు ఇంకా పైకొస్తాయి గానీ దానివల్ల ఇబ్బంది రాలేదు. కాస్త ఎక్కువ ఎత్తున్నా పర్లేదు, తక్కువ మాత్రం కాకూడదు.

స్టూల్ మార్చగానే అన్నీ చక్కబడలేదు. సిరప్ కొన్ని వారాలు నడిచింది, నొప్పి భయం పోవడానికి ఆ సమయం పట్టింది. డాక్టర్ చెప్పినట్టు ఉదయం టిఫిన్ అయ్యాక, రాత్రి అన్నం తిన్నాక ఐదేసి నిమిషాలు కూర్చోబెట్టేవాళ్ళం. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది కాబట్టి ఆ వేళ కలిసొస్తుంది. అంతకంటే ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. మొదటి వారంలోనే కనిపించిన మార్పు వేరు. పాప పిడులు వదిలేసి, మోచేతులు తొడల మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. భుజాలు దిగాయి. మూడో వారంలో ఒకరోజు ఇడ్లీ తిన్నాక తనంతట తనే వెళ్ళింది. మలం గట్టిగా ఉండి బిడ్డ ఏడుస్తుంటే స్టూల్ కొని ఊరుకోకండి, ముందు డాక్టర్‌కు చూపించండి. మెత్తగా వచ్చేదాకా ఏ సీటూ పనిచేయదు.

ఇప్పుడు సీటు సంగతి. కుషన్ సీటు నాలుగు నెలలకే వాసన పట్టింది. అంచున కుట్టు ఉంది, ఆ కుట్టులోంచి ఒంటికి వెళ్ళిన తడి, కడుక్కున్న నీళ్ళు లోపలి స్పాంజిలోకి దిగాయి. వానాకాలంలో నల్లటి మచ్చలు వచ్చాయి. ఎండలో పెడితే పైన రెక్సిన్ పగిలింది. మనం నీళ్ళతో కడుక్కునేవాళ్ళం, హెల్త్ ఫాసెట్ వాడేవాళ్ళం. టిష్యూతో తుడుచుకునే ఇళ్ళల్లో కుషన్ ఇంకొన్నాళ్ళు మన్నుతుందేమో గానీ, మన బాత్రూముల్లో గట్టి ప్లాస్టిక్, ఒకే ముక్కగా పోసినది, కుట్టు గానీ అతుకు గానీ లేనిదే తీసుకోండి.

రెండోది నిచ్చెనతో కలిపి వచ్చేది, దాదాపు 1,400 రూపాయలు పెట్టాం. నేను మనసారా వద్దనేది ఇదొక్కటే. తడి టైల్స్ మీద దాని కాళ్ళు జరుగుతాయి, బిడ్డ ఎక్కుతుంటే మొత్తం ఊగుతుంది. మెట్టు ఇరుకు, పాప పాదంలో సగమే పట్టేది. అసలే భయపడే పిల్లకు అది ఇంకో భయం పెట్టింది. పైగా ఇంట్లో పెద్దవాళ్ళు వెళ్ళాలంటే ప్రతిసారీ ఎత్తి పక్కన పెట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న మా మామగారికి అది కష్టమైంది.

మూడోది ఇప్పటికీ వాడుతున్నాం. గట్టి ప్లాస్టిక్, కింద చుట్టూ రబ్బరు అంచు, ముందూ వెనకా అడ్డు పట్టే కొక్కేల్లాంటివి, వాటిని జరిపి బిగించుకోవచ్చు. ఈసారి షాపుకు వెళ్ళేముందు కమోడ్ సీటు మీద పాత పేపరు పరిచి, రంధ్రం అంచు వెంట పెన్సిల్‌తో గీసి, కత్తిరించి పట్టుకెళ్ళాను. కోడిగుడ్డు ఆకారం సీట్లు వేరు, ముందు గుండ్రంగా ఉండి వెనక తిన్నగా ఉండేవి వేరు. ‘అన్నిటికీ పడుతుంది’ అని డబ్బా మీద రాసినది మా దానికి పట్టలేదు. ఇంటికి తెచ్చాక పరీక్ష ఇలా చేయండి. అరచేయి ముందు అంచు మీద పెట్టి గట్టిగా నొక్కండి, వెనక భాగం లేస్తే వద్దు. బిడ్డ ఎక్కేటప్పుడు బరువంతా ముందు అంచు మీదే పడుతుంది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పండి, చిటికెన వేలంత కూడా జరగకూడదు.

ఒంటికి వెళ్ళేటప్పుడు బయటికి చిందకుండా సీటు ముందు లేచి ఉండే అడ్డు బాబుకు కావాలనుకున్నాం. అది ఎత్తుగా ఉండడంతో ఎక్కేటప్పుడు వాడికి తగిలి ఏడ్చాడు, రెండు రోజులు దగ్గరికి రాలేదు. మా సీటుకు అది ఊడదీసే రకం, తీసేశాం. మోకాళ్ళు ఎడంగా పెట్టి ముందుకు వంగితే చిందడం చాలావరకు ఆగింది. ఆ కూర్చునే తీరు కూడా స్టూల్ ఎత్తు సరిగ్గా ఉంటేనే కుదిరింది.

స్టూల్‌కు ఒక లోపం ఉంది. కింద నాలుగు మూలలా ఉన్న రబ్బరు బిళ్ళలు ఏడాదికి అరిగిపోయి ఒకటి ఊడింది. ఒకరోజు తడి నేల మీద స్టూల్ జరిగి పాప గడ్డం కమోడ్‌కు కొట్టుకుంది. అప్పటినుంచి నెలకోసారి తిరగేసి చూస్తున్నాను, ఊడినచోట హార్డ్‌వేర్ షాపులో దొరికే రబ్బరు బుష్‌లు వేయించాను. మా బోరు నీళ్ళకు మెట్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుని గరుకు గీతలు పూడిపోతాయి, వాటిలోనే పాదానికి పట్టుంటుంది. ఆదివారం నిమ్మచెక్కతో రుద్ది, సీటూ స్టూలూ రెండూ బాల్కనీలో నీడన ఆరబెడుతున్నాం. అవి లోపలికి రావడం ఆలస్యమైతే బాబే వెళ్ళి స్టూల్ ఈడ్చుకొస్తాడు.