రిపేరు బదులు డబ్బు తీసుకున్నాను: మూడేళ్ల తర్వాత నా సమీక్ష

మూడేళ్ల కిందట నా కారును వెనక నుంచి ఒక బండి గుద్దింది. సర్వేయర్ ఫోటోలు చూసి అంచనా వేశాడు. "గ్యారేజీలో వదిలితే ఆలస్యమవుతుంది, డబ్బు తీసుకుంటారా?" అని ఇన్సూరెన్స్ వాళ్లు అడిగారు. టెన్షన్ తగ్గుతుంది కదా అని సరేనన్నాను.

లెక్క సులువుగా ఉండటానికి వాళ్ల అంచనా 100 అనుకోండి. పాలసీ ప్రకారం నేను పెట్టుకోవాల్సిన వాటా 10, ప్లాస్టిక్ భాగాల తరుగుదల 15, బిల్లు చూపితేనే ఇస్తామన్న పన్ను 15 తీసేశారు. చేతికి 60 వచ్చింది.

నాకు తెలిసిన మెకానిక్ బంపర్ విప్పాక అసలు సంగతి బయటపడింది. లోపలి ఇనుప బార్ వంగింది, పార్కింగ్ సెన్సార్ బ్రాకెట్ విరిగింది. ఇవేవీ ఫోటోల్లో కనిపించవు. మొత్తం 130 అయింది, నా జేబులోంచి 70 పోయింది. మిగతాది అడిగితే, 'పూర్తి, తుది పరిష్కారం' అని రాసి ఉన్న కాగితం మీద నా సంతకం చూపించారు.

వాటా, తరుగుదల గ్యారేజీ రిపేరులోనూ పోయేవే, కాబట్టి వాటిని డబ్బు తీసుకోవడం వల్ల వచ్చిన నష్టంగా లెక్కేయకూడదు. తేడా తెచ్చేవి పన్ను, దాగి ఉన్న డ్యామేజీ. వాళ్ల గ్యారేజీకే వెళ్లి ఉంటే, విప్పాక బయటపడినవాటికి అదనపు అంచనా పంపించి మంజూరు చేయించుకునేవారు. నాకు 30 లోపే అయ్యేది.

ఇంకో దెబ్బ ఏడాది తర్వాత తగిలింది. అదే మూల మళ్లీ గీరుకుపోతే, పాత డ్యామేజీ బాగుచేయించినట్టు రుజువేదని అడిగారు. మెకానిక్ దగ్గర బిల్లు తీసుకోలేదు నేను. ఆ భాగానికి పైసా రాలేదు. డబ్బు తీసుకున్నా సరే, బిల్లు, రిపేరు తర్వాతి ఫోటోలు తప్పకుండా దాచుకోండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. సంతకానికి ముందే దెబ్బ తగిలిన భాగాన్ని విప్పించి, గ్యారేజీతో కొటేషన్ రాయించుకుంటాను. కంపెనీ ఏయే భాగానికి ఎంత లెక్క కట్టిందో, ఎంత తీసేసిందో వివరంగా అడుగుతాను. నా వాటా, తరుగుదల తీసేశాక మిగిలే కొటేషన్ మొత్తానికి వాళ్ల డబ్బు దగ్గరగా లేకపోతే రిపేరే. బంపర్ వెనక, చుట్టూ ఉన్న బండ్లను పసిగట్టే రాడార్ ఉన్నా, ఛాసిస్‌కు, సస్పెన్షన్‌కు దెబ్బ తగిలినా డబ్బు మాటే ఎత్తను. రాడార్‌ను మళ్లీ సరిచూసి కాలిబ్రేట్ చేయాలి. ఆ పని తర్వాత తేడా చేస్తే, చేసిన గ్యారేజీనే అడిగే హక్కు నాకుండాలి.

డబ్బు బాగా పనికొచ్చిందీ ఉంది. పోయినేడాది మా ఇంట్లోని పాత కారు తలుపు మీద పొడవాటి గీత పడింది. రేకు వంగలేదు, తలుపు సాఫీగా మూసుకుంటోంది, పెయింట్ పనే. కారు కొన్ని నెలల్లో అమ్మేద్దామనుకున్నాం, లోన్ కూడా లేదు. ఇచ్చిన మొత్తం తీసుకుని, గీతను అలాగే వదిలేశాం. కొన్నాయన గీతకు తగ్గించమని అడిగింది, మేం తీసుకున్నదానికంటే తక్కువే.